భయానికి అయిదు పీరియడ్ల మందు: పనిచేస్తుందో లేదో తేల్చేదెలా?

ర్యాండమైజ్డ్ ట్రయల్‌కు ప్రోటోకాల్ అంటే, మొదటి విద్యార్థి చేరకముందే పరిశోధకులు రాసి బయటపెట్టే నిబంధనల పత్రం. ఎవరిని చేర్చుకోవాలి, వాళ్లకు ఏం ఇవ్వాలి, దానిని దేనితో పోల్చాలి, ఎప్పుడు ఏ కొలతతో కొలవాలి, చివర్లో లెక్క ఎలా కట్టాలి అన్నవన్నీ అందులో ముందే ఖాయమైపోతాయి. పత్రంలో ఏమేమి ఉండాలో చెప్పే ‘స్పిరిట్’ అనే అంతర్జాతీయ మార్గదర్శకం 2013లో వచ్చింది. మన దేశంలో ఇలాంటి ట్రయల్ చేసేవారు తొలి వ్యక్తిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో దాన్ని నమోదు చేయించాలి. ఫలితాలు చేతికొచ్చాక నియమాలు మార్చుకునే వీలు లేకుండా చేయడమే ఇంత ముందుజాగ్రత్తకు కారణం.

బడిపిల్లల ఆందోళన విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆందోళన రక్తపోటులాగా యంత్రంతో కొలిచేది కాదు. పిల్లలు తమ గురించి తాము చెప్పే జవాబులే దానికి కొలత. అది పరీక్షలతో పెరుగుతుంది, సెలవులతో తగ్గుతుంది, ఎవరైనా కూర్చోబెట్టి శ్రద్ధగా మాట్లాడితే కొన్నాళ్లపాటు దానంతట అదే నెమ్మదిస్తుంది. చికిత్స ఏమీ చేయకపోయినా చేసినట్టు కనిపించడానికి ఇక్కడ దారులు చాలా ఉన్నాయి. మంచి ప్రోటోకాల్ ఆ దారులను ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతుంది.

నార్వేలో జరిగిన ‘లిస్ట్’ అధ్యయనం ఇందుకు చక్కని ఉదాహరణ. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ, ఆందోళనకు బాగా పరీక్షకు నిలిచిన మాటల చికిత్స. కానీ మామూలు పద్ధతిలో అది పది పన్నెండు వారాలు సాగుతుంది. అన్ని వారాలపాటు పాఠాలు వదిలి రమ్మంటే బడి ఒప్పుకోదు, పిల్లలు మధ్యలో మానేస్తారు, చేయించేవాళ్లు దొరకరు. అందుకని లిస్ట్ పరిశోధకులు రెండు ప్రశ్నలు వేసుకున్నారు. అయిదు సెషన్ల పొట్టి చికిత్స అసలు పనిచేస్తుందా? పనిచేస్తే, పది సెషన్ల పూర్తి చికిత్సకు దీటుగా నిలుస్తుందా? పొట్టి కార్యక్రమం పేరు ‘వోగ్’, ధైర్యం చెయ్యమని దాని అర్థం. పొడవైనది ఆస్ట్రేలియాలో రూపొందిన ‘కూల్ కిడ్స్’. మూడో బృందం వెయిటింగ్ లిస్టు. మూడింటిలోకీ పిల్లలు చేరింది లాటరీ పద్ధతిలోనే. 12 నుంచి 16 ఏళ్ల మధ్య వయసువాళ్లు 313 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2020లో అమెరికన్ చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీ అకాడమీ పత్రికలో వచ్చాయి.

ప్రోటోకాల్‌లో తొలి నిర్ణయం ఎవరిని తీసుకోవాలన్నది. తరగతిలో అందరికీ నేర్పడం ఒక పద్ధతి, ఆందోళన లక్షణాలు ఎక్కువగా ఉన్నవారికే నేర్పడం ఇంకో పద్ధతి. అందరికీ నేర్పితే ఎవరికీ ముద్ర పడదు. కానీ ఇబ్బంది లేని పిల్లలకు తగ్గాల్సింది కూడా ఏమీ ఉండదు కాబట్టి సగటున ఫలితం పలచబడిపోతుంది. బ్రిటన్‌లో 85 బడుల్లో జరిగిన ‘మిరియడ్’ ట్రయల్ అలా అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ నేర్పి చూసింది. మామూలు పాఠాల కంటే అదనపు మేలేమీ కనిపించలేదని 2022లో తేల్చి చెప్పింది. లిస్ట్ రెండో దారి పట్టింది. లక్షణాలు ముందే నిర్ణయించిన గీత దాటిన పిల్లలనే చేర్చుకుంది.

గీత గీయడానికి ఒక ప్రశ్నావళి కావాలి. ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త సూసన్ స్పెన్స్ పేరుతో ప్రచారంలో ఉన్న పిల్లల ఆందోళన స్కేలులో ఆందోళన గురించి 38 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘ఎప్పుడూ ఉంటుంది’ వరకు సున్నా నుంచి మూడు మార్కులు వేస్తారు. మొత్తం 114. మార్కులు ఎంత పెరిగితే ఆందోళన అంత ఎక్కువన్నమాట.

పైకి అమాయకంగా కనిపించినా అసలు చిక్కు ఈ గీతలోనే ఉంది. ఒక బడిలో 500 మందికి ప్రశ్నావళి ఇచ్చి, ఎక్కువ మార్కులొచ్చిన 50 మందిని ఎంచుకున్నారనుకుందాం. ఆ 50 మందిలో ఎప్పుడూ ఆందోళనపడేవాళ్లు కొందరుంటారు. ఆ వారం మాత్రమే బాగోలేనివాళ్లు కూడా ఉంటారు. స్నేహితురాలితో గొడవపడినవాళ్లు, రాత్రి నిద్ర లేనివాళ్లు, మర్నాడు లెక్కల పరీక్ష ఉన్నవాళ్లు ఈ రెండో రకం. రెండు నెలలాగి అదే ప్రశ్నావళి మళ్లీ ఇస్తే వీళ్ల మార్కులు వాటంతటవే తగ్గుతాయి. బృందం సగటు కూడా దిగుతుంది. మధ్యలో ఎవరైనా ఏ చికిత్స చేసి ఉన్నా, చేతిలో తాయెత్తు కట్టి ఉన్నా, పేరు దానికే దక్కుతుంది. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. కార్యక్రమానికి ముందు, తర్వాత మార్కులు చూపించి పిల్లల్లో ఇంత ఆందోళన తగ్గిందని చెప్పే నివేదికలకు చాలాసార్లు ఇంతకు మించిన ఆధారం ఉండదు. పోల్చడానికి రెండో బృందం ఉంటే ఈ తగ్గుదల రెండుచోట్లా ఒకేలా జరుగుతుంది. పైన మిగిలిన తేడా మాత్రమే చికిత్సది. పరీక్షల కాలం, సెలవుల ప్రభావం కూడా ఇలాగే రెండువైపులా సమానంగా పడతాయి, అయితే రెండు బృందాలనూ ఒకే వారంలో కొలవాలి. మన తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పిల్లలను ఒక బృందాన్ని జనవరిలో, మరో బృందాన్ని పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే మార్చిలో కొలిస్తే ఆ ట్రయల్ అక్కడే చెడిపోయినట్టు.

రెండో నిర్ణయం పిల్లలకు ఏం ఇవ్వాలన్నది. ‘సీబీటీ ఇస్తాం’ అని రాస్తే చాలదు. ఏ సెషన్‌లో ఏం జరగాలో, ఎంతసేపు జరగాలో, ఎవరు జరపాలో, ఇంటికి ఏ పని ఇవ్వాలో రాయాలి. ఆందోళనకు సీబీటీలో మొదట చెప్పేది ఒక చక్రం గురించి. భయం వేస్తుంది, ఆ పని తప్పించుకుంటారు, అప్పటికి హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే తప్పించుకోవడం అలవాటై భయం ఇంకా ముదురుతుంది. చక్రాన్ని తెంపడానికి వాడేది ఎక్స్‌పోజర్, అంటే భయపడే పనినే చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, కింది మెట్టు నుంచి ఎక్కించడం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు క్లాసులో నోరు విప్పదనుకుందాం. జవాబు తెలిసినా చెయ్యెత్తదు, తన వంతు వస్తుందంటే బాత్రూమ్‌కు పర్మిషన్ అడుగుతుంది. ఆమె నిచ్చెనలో మొదటి మెట్టు, పక్కన కూర్చునే స్నేహితురాలికి తెలుగు వాచకంలో ఒక పేరా పైకి చదివి వినిపించడం. తర్వాత స్టాఫ్ రూమ్‌లో టీచరు ఒక్కరి ముందు అదే చదవడం, ఆపైన క్లాసులో ఒక్క మాటలో జవాబు చెప్పడం. నిచ్చెన పైన ఉండే మెట్టు కాస్త విచిత్రమైనది. తెలిసి తెలిసి ఒక తప్పు జవాబు చెప్పి ఏమవుతుందో చూడాలి. ప్రతి మెట్టుకూ ముందు ఆమె రెండు విషయాలు కాగితం మీద రాస్తుంది: ఏం జరుగుతుందని భయపడుతోంది, ఆ భయం పదిలో ఎంత. ‘అందరూ నవ్వుతారు, ఎనిమిది’ అని రాసింది. పని అయ్యాక ఏం జరిగిందో రాస్తుంది. ఇద్దరు నవ్వారు, టీచరు సరైన జవాబు చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఎవరూ నవ్వరని ఆమెకు ముందుగా భరోసా ఇవ్వకపోవడం ఇక్కడ ముఖ్యం. కొందరు నవ్వినా తట్టుకోగలనన్నది ఆమె స్వయంగా చూసి తెలుసుకోవాలి. తల దించుకుని గబగబా చదివేసి కూర్చుంటే మెట్టు ఎక్కినట్టు కాదు. అలాంటి చాటు పద్ధతులను కూడా ఒక్కొక్కటిగా వదిలించాలి.

ఇదంతా అయిదు పీరియడ్లలో సర్దాలంటే ఏదో ఒకటి తగ్గించక తప్పదు. కొత్తగా శిక్షణ పొందిన కౌన్సెలర్లు తరచూ తగ్గించేది ఎక్స్‌పోజర్‌నే. ఎందుకంటే పిల్లలు ఇబ్బందిపడుతుంటే చూడటం పెద్దవాళ్లకు కష్టం. దీర్ఘశ్వాస నేర్పడం, కబుర్లు చెప్పుకోవడం అందరికీ సుఖంగా ఉంటాయి. చివరికి సెషన్లు బాగా జరిగాయని అందరూ చెబుతారు, మార్కులు మాత్రం కదలవు. దీన్ని పట్టుకోవడానికి ప్రోటోకాల్‌లో ఒక ఏర్పాటుంటుంది. అనుమతి తీసుకుని సెషన్లను రికార్డు చేస్తారు. వాటిలో కొన్నింటిని లాటరీగా తీసి, ఆ బడితో సంబంధం లేని నిపుణులు ఒక పట్టిక పెట్టుకుని వింటారు. నిచ్చెన తయారైందా, మెట్టు నిజంగా ఎక్కించారా, ముందూ వెనకా అంకెలు రాయించారా అని చూసి టిక్కులు పెడతారు. ట్రయల్ విఫలమైతే చికిత్సలోనే పస లేదా, అసలు చికిత్సే జరగలేదా అన్నది చెప్పగలిగేది ఈ పట్టికే.

ఎవరు నేర్పుతారన్నది కూడా చికిత్సలో భాగమే. 9, 10 ఏళ్ల పిల్లలతో ఇంగ్లండులో 40 బడుల్లో జరిగిన ‘పేసెస్’ ట్రయల్‌లో ఒకే సీబీటీ పాఠాలను కొన్నిచోట్ల ఆరోగ్య సిబ్బంది, కొన్నిచోట్ల బడి సిబ్బంది చెప్పారు. ఏడాది తర్వాత ఆందోళన తగ్గింది ఆరోగ్య సిబ్బంది చెప్పినచోటే. లిస్ట్‌లో స్థానిక ఆరోగ్య సిబ్బంది బడికి వచ్చి నేర్పారు. వారిలో స్కూలు నర్సులూ ఉన్నారు. ప్రతి బడికీ ఒక నర్సు ఉండే వ్యవస్థ లేని చోటికి ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకోవడం కుదరదు.

మూడో నిర్ణయం, లాటరీ ఎవరికి వేయాలన్నది. పిల్లలకు విడివిడిగా వేస్తే లెక్క తేలిక, కానీ ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లలో ఒకరు నేర్చుకున్నది మరొకరికి చెప్పేస్తారు. చికిత్స పొందని బృందానికి కూడా సగం చికిత్స అందిపోయి తేడా చెరిగిపోతుంది. అందుకని చాలా ట్రయల్స్ బడి మొత్తానికి ఒకే చీటీ తీస్తాయి. ఇంగ్లండులో 16 నుంచి 18 ఏళ్లవారికి ఒకరోజు సీబీటీ వర్క్‌షాప్ పెట్టి చూసిన ‘బెస్ట్’ ట్రయల్ 57 బడుల్లో 900 మందిని అలాగే పరీక్షించింది. చీటీ ఎవరు తీసినా, జాబితా మాత్రం పిల్లలను చేర్చుకునేవాళ్ల చేతిలో ఉండకూడదు. తర్వాతి చీటీ చికిత్సదని తెలిస్తే, బాగా ఇబ్బందిపడుతున్న పిల్లను దాని కిందికి తోయాలని ఎంత నిజాయితీపరులకైనా అనిపిస్తుంది. బడులకు చీటీలు తీసేటప్పుడు కూడా, పిల్లలు చేరి మొదటి ప్రశ్నావళి నింపేశాకే తీయడం మేలు.

బడుల లాటరీకి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. ఒకే బడి పిల్లలు ఒకరికొకరు కొంత పోలి ఉంటారు. అదే హెడ్మాస్టరు, అవే పరీక్షలు, అదే ఊరు. కాబట్టి ఒక బడి నుంచి 20 మంది వచ్చినా వాళ్లు 20 వేర్వేరు సాక్షులతో సమానం కారు. ఉదాహరణకు ఒక ట్రయల్ లెక్క కట్టి చూడవచ్చు. రెండు బృందాల మధ్య తేడా ఆ ప్రశ్నావళి ప్రామాణిక విచలనంలో 0.4 వంతు ఉంటుందని ఆశిస్తూ, అంత తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలనుకుంటే, ఒక్కో బృందానికి 98 మంది సరిపోతారు. ఇది పిల్లలకు విడివిడిగా చీటీ వేస్తే. బడులకు వేస్తే ఈ సంఖ్యను కింది సూత్రంతో పెంచాలి. ఇందులో m అంటే బడికి ఎందరు, ICC అంటే ఒకే బడి పిల్లల మధ్య పోలిక ఎంత.

```
1 + (m − 1) × ICC
1 + (20 − 1) × 0.03 = 1.57
98 × 1.57 ≈ 154
```

పోలిక 0.03, అంటే నామమాత్రం. అయినా 98 కాస్తా 154 అయింది. అయిదుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుంటే చేర్చుకోవాల్సింది బృందానికి 193 మందిని. బడికి 25 మంది చొప్పున ఎనిమిది బడులు ఒకవైపు, మరో ఎనిమిది ఇంకోవైపు. ఏదైనా ఒక బడి మధ్యలో తప్పుకుంటుందేమోనని ఇంకో రెండు మూడు అదనంగా చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద జూదం ఆ 0.4 దగ్గరే. బెస్ట్ ట్రయల్‌లో ఆరు నెలలకు కుంగుబాటు మార్కుల్లో తేలిన తేడా 0.17 మాత్రమే. ఆశించే తేడాను 0.4 నుంచి 0.2కు దించితే కావలసిన పిల్లల సంఖ్య రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 60 మందితో మొదలై, ఆశాజనకంగా ఉందన్న మాటతో ముగిసే చిన్న ట్రయల్స్ ఎందుకు ఎటూ తేల్చలేవో ఈ లెక్క చెబుతుంది.

లిస్ట్ అడిగిన రెండో ప్రశ్న ఇంకా సున్నితమైనది. పొట్టి చికిత్స పొడవైనదానికంటే తీసికట్టు కాదని చూపించాలంటే, రెండింటి మధ్య తేడా కనబడలేదని చెబితే చాలదు. చిన్న ట్రయల్‌లో ఏ తేడా కూడా కనబడదు. అందుకే ‘ఎంత వెనకబడితే ఫరవాలేదు’ అన్న హద్దును ముందే రాసిపెట్టాలి. 114 మార్కుల స్కేలు మీద హద్దు నాలుగు మార్కులని పెట్టుకున్నారనుకుందాం. ట్రయల్ అయ్యాక పొట్టి చికిత్స సగటున ఒకటిన్నర మార్కు వెనకబడింది. నిజమైన తేడా అర మార్కు ముందంజ నుంచి మూడున్నర మార్కుల వెనకంజ వరకు ఎక్కడైనా ఉండవచ్చని లెక్క తేల్చిందనుకుంటే, హద్దు దాటలేదు కాబట్టి పొట్టి చికిత్స నెగ్గింది. అదే ఒకటిన్నర సగటుతో, నిజమైన తేడా రెండు మార్కుల ముందంజ నుంచి అయిదు మార్కుల వెనకంజ వరకు ఉండవచ్చని వస్తే నెగ్గనట్టే, ఓడిపోయిందని మాత్రం చెప్పలేం. ఈ హద్దును ఫలితాలు చూశాక పెట్టుకునే స్వేచ్ఛ ఉంటే ఏ పొట్టి చికిత్సయినా గెలుస్తుంది. అందుకే తీర్పంతా ప్రోటోకాల్‌లోని ఆ ఒక్క అంకె మీదే ఆధారపడుతుంది.

కొలతల్లోనూ ఇదే క్రమశిక్షణ ఉండాలి. పిల్లలు చెప్పేది, తల్లిదండ్రులు చెప్పేది, డాక్టరు అంచనా వేసేది మూడూ ఒకేలా రావు. తమలో తాము కుమిలిపోయే పిల్లల సంగతి తల్లిదండ్రులకు సగమే తెలుస్తుంది. నాలుగైదు కొలతలు తీసుకుని, వాటిలో బాగా వచ్చినదాన్ని ముందుకు తెచ్చుకునే అవకాశం ఉండకూడదు. ఏది ప్రధానమో, ఎన్ని వారాల తర్వాతదో ముందే చెప్పాలి. తనకు చికిత్స అందిందో లేదో విద్యార్థికి తెలుసు కాబట్టి అతని జవాబులు కొంత మొగ్గు చూపుతాయి. దానికి పూర్తి విరుగుడు లేదు. ఇంటర్వ్యూ చేసే నిపుణులకైనా ఎవరు ఏ బృందమో తెలియకుండా ఉంచాలి. రెండు సెషన్లకు వచ్చి మానేసిన పిల్లలను లెక్కలోంచి తీసేయకూడదు. భయం ఎక్కువై మానేసినవాళ్లను వదిలేస్తే మిగిలిన సగటు అబద్ధం చెబుతుంది. అందుకే చీటీ ఏ బృందానిదైతే ఆ బృందంలోనే అందరినీ లెక్కిస్తారు.

పిల్లల భద్రత గురించి రాసే భాగం మన దేశంలో ఇంకొంత బరువైనది. 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. 12 ఏళ్లు దాటినవారి నుంచి విడిగా లిఖితపూర్వక అంగీకారం కూడా తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పం’ అని పిల్లలకు మాటివ్వడానికి కుదరదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం విధి. ఈ మినహాయింపును అంగీకార పత్రంలోనే, పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాయాలి. ఆందోళనతోపాటు కుంగుబాటు ప్రశ్నలు కూడా అడిగితే, చావు గురించిన ప్రశ్నకు వచ్చిన జవాబును అదే రోజు చదివే మనిషి ఒకరుండాలి. కాగితాలు కట్టకట్టి నెల తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించే ఏర్పాటు ఇక్కడ పనికిరాదు. ఆ రోజే విద్యార్థితో ఎవరు మాట్లాడతారు, ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు, ఏ ఆసుపత్రికి పంపుతారు అన్నది రాసి ఉండాలి. ప్రభుత్వ టెలిమానస్ సహాయ నంబరు 14416 ప్రతి పిల్ల చేతిలోని కాగితం మీదా ఉండాలి.

ఇంత రాసుకున్నా ఎదురయ్యే పరిమితులు కొన్నుంటాయి. లిస్ట్‌లో చేరినవారిలో 84 శాతం అమ్మాయిలే. అబ్బాయిలకు ఈ చికిత్స ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికి ఆధారం పలచన. భయమేస్తోందని ఒప్పుకోవడానికి అబ్బాయిలు వెనకాడతారన్నది నార్వేకే పరిమితమైన సంగతేమీ కాదు. వెయిటింగ్ లిస్టు వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. వారాల తరబడి ఆగిన పిల్లలకు ఆ తర్వాత చికిత్స ఇవ్వడం న్యాయం, ఇస్తామన్న మాట మీదే చాలామంది తల్లిదండ్రులు సంతకం పెడతారు. కానీ ఇచ్చిన రోజు నుంచి చికిత్స లేని బృందం అన్నదే ఉండదు. ఏడాది తర్వాత కొలిచినప్పుడు పొట్టి చికిత్సను పొడవైనదానితో మాత్రమే పోల్చవచ్చు. ఏమీ చేయకుండా ఉంటే ఆ పిల్లలు ఏడాదికి ఎలా ఉండేవారన్న ప్రశ్నకు ఆ ట్రయల్‌లో జవాబు దొరకదు. అది తెలియాలంటే వెయిటింగ్ లిస్టుకు బదులు, బడి ఇప్పటికే ఇస్తున్న మామూలు సహాయాన్ని రెండో బృందానికి ఏడాది పొడవునా కొనసాగించేలా ప్రోటోకాల్‌ను మొదట్లోనే రాయాలి.